అమ్మకూడని గొర్రెలు

మా ఆయన చేతిలో మంచి పనితనం ఉందని ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అంటారు. నేనూ కాదనను. కాకపోతే ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పొగిడేవాళ్లకు పోయేదేముంది? పోయినవి నా గొర్రెలు.

ఆయన మోటార్లకు వైండింగ్ కడతాడు. మా వైపు సేద్యం చాలావరకు బోర్ల మీదే. బోరులో దించిన మోటారు కాలిపోతే పైకి లాగాలి, లోపల మాడిన తీగంతా పీకెయ్యాలి, కొత్త రాగి తీగను ఒక్కో చుట్టూ చేత్తో లాగి కట్టాలి. ఓపిక కావాలి. వేళ్లు తెగుతాయి. పెళ్లికి ముందు నుంచీ ఆయన ఆత్మకూరులో ఒక వైండింగ్ షాపులో జీతానికి ఆ పని చేసేవాడు. షాపు ఓనరు పొలాలున్న పెద్ద కుటుంబం మనిషి. ఆయన తీగ ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలో కూర్చుని ఫోన్లు మాట్లాడుతుంటాడు. నేను ఉదయగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. కాపురం ఇక్కడ, ఆయన పని అక్కడ. మామూలు రోజుల్లో బస్సులో పోయి వచ్చేవాడు. ఎండలు ముదిరితే మోటార్లు వరసపెట్టి కాలేవి కాబట్టి ఆ షాపులోనే పడుకునేవాడు. ఇంట్లో పిల్లకు జ్వరం వచ్చినా, గ్యాసు అయిపోయినా నా చావు నేను చావాల్సిందే.

గొర్రెల సంగతి చెప్పాలి. నా పుట్టిల్లు వరికుంటపాడు వైపు ఒక పల్లె. మాది మందను నమ్ముకుని బతికిన ఇల్లు. మా నాయన కాళ్లు చేతులు ఆడుతుండగానే మంద పంచి, కొడుకుతో పాటు నాకూ కొన్ని ఆడ గొర్రెలు ఇచ్చాడు. ఊళ్లో కొందరు నవ్వారు, ఆడపిల్లకు గొర్రెలేంటని. ఆయన పట్టించుకోలేదు. నేను పట్నం కాపురంలో గొర్రెలు ఎక్కడ మేపను? అందుకని వాటిని మా తమ్ముడి మందలోనే పాలుకు వదిలాను. అంటే మేపేది వాడు, గొర్రెలు నావి, పుట్టిన పిల్లల్లో సగం వాడివి, సగం నావి. మా వైపు ఇది కొత్త కాదు. డబ్బు లేనివాడు మంద కూడబెట్టుకోవడానికీ, మేపే తీరిక లేనివాడు మందను నిలుపుకోవడానికీ అదే దారి.

మా నాయనకు ఒక పట్టింపు ఉండేది. పొట్టేలు పిల్లల్ని అమ్మి ఖర్చు పెట్టుకోవచ్చు, ఈనే గొర్రెను మాత్రం అమ్మకూడదు. కరువు పట్టిన ఏడు ఇంటి మీద రేకులు ఊడదీసి అమ్మాడు గానీ ఈనే గొర్రెను తోలలేదు. మా అమ్మ ఆ రేకుల కోసం ఏడిస్తే, "రేకులు మళ్లా కొంటాంలేవే, మంద మళ్లా పుట్టాలంటే ఎన్ని ఏండ్లు పడతాదో నీకు తెలవదా" అన్నాడు. నేను డిగ్రీ చదివాను, బీఎడ్ చేశాను. డబ్బు గురించి అంతకన్నా తెలివైన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

సొంత షాపు పెడతానని మా ఆయన మొదలుపెట్టింది ఒక ఎండాకాలం చివర్లో. భోజనం చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి అన్నాడు.

"ఏమ్మే, ఉదయగిరిలో షాపు పెడితే ఎట్లుంటాది? ఒక్క మోటారుకు ఓనరు తీసుకునే కూలి ఉండాదే, అది నా వారం జీతం. కట్టేది నేను, తినేది ఆయన."

నాకు ఆ మాట నచ్చింది. నిజం చెప్పాలంటే షాపు కన్నా, రోజూ రాత్రి ఆయన ఇంట్లో ఉంటాడన్నది నచ్చింది. అయినా వెంటనే తల ఊపలేదు. ఉద్యోగంలో ఉన్నవాడికి ఓనరు లాభం కనిపిస్తుంది గానీ, ఓనరు మోసే బరువు కనిపించదు.

"సరే. కూలి అంతా నీకే మిగులుతాదా? షాపు బాడుగ ఎవరు కట్టాల? వానలు పడితే మోటార్లు ఎక్కడ కాలతాయి? ఆ నెలల్లో ఓనరు నీకు జీతం ఆపినాడా ఎప్పుడన్నా?"

ఆపలేదు. మా జిల్లాలో అక్టోబరు దాటితే వానలు. మూడు నెలల పాటు బోరు స్టార్టరు వైపు ఎవడూ చూడడు. ఆ నెలల్లో షాపులో కూర్చుని ఈగలు తోలుకున్నా ఓనరు జీతం ఇచ్చేవాడు. ఎండాకాలంలో రెండింతలు కష్టపెట్టి, వానాకాలంలో కూర్చోబెట్టి ఇచ్చే జీతం అది. సొంత షాపు అంటే ఎండాకాలం వచ్చిన డబ్బు తీసి వానాకాలానికి దాచుకోవాలి. దాచుకోవడం మా ఆయనకు తెలియదు. జేబులో ఉంటే అడిగినవాడికల్లా ఇచ్చేస్తాడు.

ఇంకొకటి కూడా చెప్పాను. మే నెలలో మా స్కూలు జీతం ఇవ్వదు. సెలవులు కదా అంటారు. జూన్‌లో మళ్లీ మొదలు. ఆయన పనికి మంచి గిరాకీ ఉండేది నాకు జీతం లేని నెలలోనే. ఆయనకు పని లేని వానల్లో నాకు జీతం వస్తుంది. ఇద్దరిలో ఒకరి చేతిలో ఎప్పుడూ కాస్త డబ్బు ఆడుతుంది కాబట్టి షాపు పెట్టొచ్చు. కానీ నా ఉద్యోగం మాత్రం కదలకూడదు. ఇద్దరం కలిసి షాపులో కూర్చుందామన్న మాట ఆయన నోట రాకముందే తుంచేశాను.

ఆ వానాకాలమంతా మేం దీని మీదే మాట్లాడుకున్నాం. పోట్లాడుకున్నాం అన్నా తప్పు లేదు. ఆయన మెయిన్ బజార్లో పెద్ద గది చూసి వచ్చాడు. ఏడాది బాడుగ అడ్వాన్సు అడిగారు. నేను వద్దన్నాను. బస్టాండుకు కాస్త ఎడంగా ఒక చిన్న షట్టరు దొరికింది. నెలనెలా బాడుగ, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేయొచ్చు. మోటారు కాలినవాడు షాపు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాడు, వాడికి అద్దాల షాపు అక్కర్లేదు అన్నాను. బోరులోంచి మోటార్లు పైకి లాగే గొలుసు, స్టాండు కొందామన్నాడు. ఆ పని చేసే వాళ్లు వేరే ఉన్నారు, వాళ్లే లాగి తెచ్చిస్తారు, మనకెందుకన్నాను. రాగి తీగ కట్టలు కట్టలుగా తెచ్చి పెట్టుకుందామన్నాడు. రాగి ధర ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండదు. తీగ డబ్బు రైతు ముందు ఇస్తేనే నెల్లూరు నుంచి తెప్పించు, కూలి మాత్రం తర్వాత తీసుకో అన్నాను. అప్పు వద్దు, చీటీ వద్దు, నా మెడలో ఉన్నది తాకట్టు వద్దు. మొదటి పెట్టుబడి నా పొట్టేలు పిల్లలు అమ్మిన డబ్బు. అది అయిపోయిన రోజు షట్టరు దించేయాలి, ఇంకో రూపాయి దాని మీద పెట్టకూడదు. మళ్లీ వానలు వచ్చేలోపు నెలకు ఆయన పాత జీతమంతన్నా మిగలకపోతే అప్పుడూ దించేయాలి.

"పొట్టేలు పిల్లల్ని అమ్ముకో. గొర్రెల జోలికి మాత్రం పోకూడదు. నాయన మాట అది" అన్నాను.

"నీ గొర్రెల జోలి నాకెందుకే" అన్నాడు. అన్నాడు కాబట్టే ఇంత రాస్తున్నాను.

ఆయన ఆత్మకూరు పోయి ఓనరుకు చెప్పాడు. ఓనరు కోప్పడలేదట. "పోయి పెట్టుకోరా. కుదరకపోతే మళ్లా వచ్చేయ్, నీ స్టూలు నీకే ఉంటాది" అన్నాడట. మా ఆయన ఆ మాటను బ్యాంకులో వేసిన డబ్బులాగా చెప్పుకున్నాడు. నేను దాన్ని లెక్కలో వేయలేదు. ఆ స్టూలు మీద ఇంకొకడు కూర్చుంటాడని నాకు తెలుసు. నా దగ్గర లెక్క ఒక్కటే, షాపు పోతే ఏం మిగులుతుంది? నా జీతం, నా గొర్రెలు. అవి ఉంటే ఎన్నిసార్లు పడ్డా లేవొచ్చు. ఆ ధైర్యంతోనే సరే అన్నాను.

వానలు ఆగాక షాపు తెరిచాం. నిజంగా నడిచింది. అది కూడా రాయకపోతే అన్యాయం. ఆత్మకూరు దాకా మోటారు మోసుకుపోవడం తప్పిందని రైతులు సంతోషించారు. మా ఆయన పేరు ముందే తెలుసు వాళ్లకు. ఫిబ్రవరికల్లా షట్టరు ముందు మోటార్లు వరసగా పడుకుని ఉండేవి. ఆయన రాత్రి ఇంటికి వచ్చేవాడు, పిల్ల పక్కన కూర్చునేవాడు. నా కాపురం ఇన్నాళ్లకు కాపురంలా ఉందనుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం మా ఇద్దరికీ తేడా వచ్చింది. ఆత్మకూరు ఓనరు కన్నా కూలి తగ్గించి తీసుకున్నాడు. కొత్త షాపు, నలుగురూ రావాలి కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ ఓనరుకు మా పల్లెల్లో అందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉంది. వైండింగ్ కట్టిచ్చిన మోటారు ఆ పంట అయ్యేలోపు మళ్లీ కాలితే ఊరికే కట్టిస్తాడు. "మావోడి చెయ్యి అట్లాటిది, కాలితే నాది పూచీ" అని కుర్చీలోంచి లేవకుండా చెప్పేవాడు. ఊరికే కట్టింది ఎవరు? మా ఆయనే. దానికి ఓనరు పైసా ఎక్కువ ఇచ్చింది లేదు. అయితే రాగి మాత్రం ఓనరుది. ఆ రాగి ఖర్చు ఆయన ప్రతి మోటారు కూలిలోనూ కొద్దికొద్దిగా ముందే కలిపి తీసుకునేవాడు. పది మంది ఇచ్చిన దాంతో ఒకడి కాలిన మోటారు బాగయ్యేది. మా ఆయన కూలి తగ్గించుకుని ఆ కాస్తా వదులుకున్నాడు. అందుకే నేను బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించాను, కరెంటు తేడా వల్ల కాలితే పూచీ లేదని. చదవడం వచ్చినవాళ్లు చదివారు. మిగతావాళ్లకు నోటితో చెప్పమన్నాను. ఆయన చెప్పలేదు. మొహమాటం.

మోటారు ఊరికే కాలదు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద బరువు పడి మాడుతుంది. అలా కాకుండా స్టార్టరులో ఒక రిలే ఉంటుంది, తేడా వస్తే మోటారును ఆపేస్తుంది. ఎండాకాలం వోల్టేజీ తగ్గి అది మాటిమాటికీ ఆపుతుంటే రైతుకు విసుగు. తోట ఎండిపోతోంది, కరెంటు ఉండేదే కొన్ని గంటలు. దాంతో రిలేను పక్కనపెట్టి తీగముక్కతో నేరుగా కలిపేస్తారు. మోటారు తిరుగుతుంది, కాలేదాకా తిరుగుతుంది. ఈ సంగతి కట్టేవాడికీ తెలుసు, కట్టించుకునేవాడికీ తెలుసు.

ఆ మే నెలలో మా తమ్ముడి ఊరి పక్క పల్లెలో ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫేజు పోయింది. బత్తాయి తోటల కాలం. దాని కింద ఉన్న మోటార్లు ఒకటి తర్వాత ఒకటి కాలిపోయాయి. వాటిలో సగం పైగా మా ఆయన కొన్ని వారాల ముందు కట్టిచ్చినవే. ఆ పల్లెలో మాట చెల్లే ఒక పెద్దాయన ఉన్నాడు. పొలాలు, తోటలు, వెనక పదిమంది. వాళ్లందరి మోటార్లూ ట్రాక్టరులో వేయించుకుని, తనవి కూడా కలుపుకుని షట్టరు ముందు దించాడు. నాకు సెలవులు కాబట్టి బిల్లులు రాయడానికి నేను షాపులోనే ఉన్నాను.

"ఏందిరా ఇది? నీ చెయ్యి కట్టిన మోటార్లు. అన్నీ పోయినాయి" అన్నాడు.

మా ఆయన ఒక మోటారు విప్పి చూశాడు. రెండు ఫేజుల తీగ నల్లగా మాడి, మూడోది మిలమిలా మెరుస్తోంది. ఎవరు చూసినా చెప్పగలరు, ఫేజు పోయిందని.

"పెద్దాయనా, ఇది నా కట్టుడు తప్పు కాదు. ఒక ఫేజు పోయింది. రిలే తీసేసినట్టుండారు..."

"రిలే గిలే నాకు తెలవదు. ఆత్మకూరులో ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఊరికే కట్టిచ్చినావు? అప్పుడు ఫేజు పోలేదా? ఇప్పుడు సొంత షాపు కాడికి వచ్చేసరికి ఫేజు గుర్తొచ్చిందా నీకు?"

నేను ఊరుకోలేకపోయాను. బిల్లు పుస్తకం తీసి ముందు పెట్టాను. "ఇక్కడ రాసుందండీ, కరెంటు తేడాకు పూచీ లేదని. అక్కడ రాగి ఓనరుది. ఇక్కడ రాగి ఎవరు పెట్టాల? కూలి మేము వదులుకుంటాం, తీగ డబ్బు మీరు ఇయ్యండి" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఆడమనిషితో నాకు మాటలేంది. నువ్వు చెప్పరా. కడతావా, ఆత్మకూరుకు తోలమంటావా? ఒక్క మాట. మళ్లా మా పల్లె నుంచి ఒక్క మోటారు నీ కాడికి రాదు."

ట్రాక్టరు మీద ఉన్న రైతుల్లో ఒకడు, తోట ఎండిపోతోందని అన్నాడు. వాడి గొంతులో నాటకమేమీ లేదు. అది నిజమే. మా ఆయన ఆ మనిషిని చూశాడు, పెద్దాయనను చూశాడు, మోటార్లను చూశాడు. నన్ను మాత్రం చూడలేదు.

"కడతాను పెద్దాయనా. దించండి" అన్నాడు.

ఆ రోజు ఇంటికి పోయాక అడిగాను, రాగి ఎక్కడిదని. పొట్టేలు పిల్లల డబ్బులో మిగిలింది రెండు మూడు మోటార్ల తీగకు చాలుతుంది, అంతే. "మనం అనుకున్న గీత ఇదే. ఆ డబ్బు అయిపోతే షట్టరు దించాల. ఆ మోటార్లు ఎట్లొచ్చినాయో అట్లే పంపేయ్. పేరు పోతే పోనీ, ఆత్మకూరు పోతువు" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! పేరు పోవడం ఆయనకు ప్రాణం పోవడమని నాకు తెలియక కాదు. కానీ గీత గీసేది ప్రాణం మీదికి రాకముందే కదా, వచ్చాక ఎవరు గీస్తారు?

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. తర్వాత, "ఓనరు తన కాడ మిగిలిన తీగ ఇస్తానన్నాడులే. నువ్వు దిగులు పడబాకు" అన్నాడు.

ఓనరు మంచివాడే కాబోలు అనుకున్నాను. నమ్మాను. ఆయన రాత్రీ పగలూ కూర్చుని ఆ మోటార్లన్నీ కట్టాడు. వేళ్లకు గుడ్డలు చుట్టుకుని కట్టాడు. నేను అన్నం క్యారియర్లో తీసుకుపోయి తినిపించాను. ట్రాక్టరు వచ్చి తీసుకుపోయింది. పెద్దాయన ఫోను చేసి, "నీది చెయ్యిరా, చెయ్యంటే అదీ" అన్నాడట. ఆ రోజు మా ఆయన మొహం వెలిగిపోయింది. నేను కూడా సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ కోపం వస్తుంది.

జూన్‌లో స్కూలు తెరిచే ముందు పుట్టింటికి పోయాను. మా నాయన పోయిన తర్వాత ఏటా ఆ రోజుల్లో పోయి మందను ఒకసారి చూసుకుని రావడం నా అలవాటు. తమ్ముడు దొడ్డి తడిక తీశాడు. నా గొర్రెలకు చెవి కొసన ఒక గాటు ఉంటుంది, మా నాయన వేసిన గుర్తు. మందలో తిరిగి తిరిగి చూశాను. ముసలిది ఒకటి కనిపించింది, కాలు కుంటేది ఇంకొకటి. మిగతావి లేవు.

"ఏవిరా? మేతకు పోయినాయా?" అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. "ఏందక్కా అట్లడుగుతావు? బావ తోలుకుపోయినాడు గదా, మే నెలలో. నీకు చెప్పలా?"

కొనేవాడు లారీతో మంద దగ్గరికే వచ్చాడట. మా ఆయనే దగ్గర నిలబడి, ఈనే వయసులో ఉన్నవన్నీ ఏరి ఎక్కించాడట. కొన్ని చూడివి. చూడి గొర్రెను కోతకు పంపిన మనిషిని మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ చూడలేదు. నేను కుంటిదాని చెవి పట్టుకుని, నాయన వేసిన గాటును వేలితో తడిమాను. ఏడుపు కూడా రాలేదు.

"నన్ను ఒక్క మాట అడిగినావారా? ఫోను లేదా నీకు?"

"బావ వచ్చి నిలబడి అడిగినాడక్కా."

"నా గొర్రెలురా అవి. ఆయన గొర్రెలు కాదు. నాయన నాకిచ్చినవి. నీకు తెలవదా?"

"తెలుసు" అన్నాడు. వాడికి ఇందులో తప్పేమీ కనిపించడం లేదని వాడి మొహం చెబుతోంది. అక్క గొర్రెలంటే బావ గొర్రెలే. బావ ఇంటికి వస్తే కోడి కోస్తారు, మంచం వాలుస్తారు, అడిగింది ఇస్తారు. అడిగి లేదనిపించుకోవడం బావకు అవమానం, లేదనడం బావమరిదికి అవమానం. వాడు మర్యాద చేశాడు.

తిరుగుబస్సులో కూర్చుని నేను వేసిన గీతలన్నీ తలుచుకున్నాను. బాడుగకు గీత, రాగికి గీత, అప్పుకు గీత, బంగారానికి గీత. అన్నిటికీ కాపలా పెట్టి, అసలు దాన్ని నా తోడబుట్టినవాడి దొడ్డిలో వదిలాను. బ్యాంకువాడైతే నా సంతకం అడిగేవాడు. వడ్డీ వ్యాపారి అయితే నా మెడలోది నేనే తీసివ్వాలనేవాడు. నా తమ్ముడు ఏమీ అడగలేదు.

ఇంట్లో మా ఆయనను నిలదీశాను. ఆయన అబద్ధం ఆడలేదు ఈసారి.

"ఇంకేం చెయ్యమంటావే? అందరి ముందు కడతానన్నాను. మాట ఇచ్చినాక..."

"నాకు ఇచ్చింది మాట కాదా? గొర్రెల జోలికి పోనని నాకు చెప్పలా? ఆ పెద్దాయనకు ఇచ్చిందే మాటా?"

ఆయన తలొంచుకున్నాడు. "మళ్లా కొనిస్తాను" అన్నాడు. మా నాయన రేకుల గురించి అన్న మాట అది. గొర్రెల గురించి ఎవరూ అనరు ఆ మాట.

ఆ తర్వాత జరిగింది పెద్ద కథ కాదు. ఊరికే కట్టిచ్చాడన్న కబురు పల్లెపల్లెకూ పాకింది. ఎవరి మోటారు కాలినా పూచీ అంటూ వచ్చారు. పెద్దాయన వాళ్లకు కట్టినప్పుడు మాకెందుకు కట్టవని అడిగారు, అడగరా మరి? అప్పుడు మేం లేదని పంపిన వాళ్లంతా శత్రువులయ్యారు. వానలు రాకముందే షట్టరు దించాం. గీత ప్రకారమే దించాం అని చెప్పుకోవచ్చు, ఎవరైనా అడిగితే.

ఆత్మకూరు ఓనరు మాట తప్పలేదు, తీసుకున్నాడు. స్టూలు మాత్రం కొత్తగా వచ్చినవాడిది అయ్యింది. వాడు కడుతుంటే మా ఆయన మాడిన తీగ పీకి ఇస్తాడు, వాడికి కష్టమైనవి తను కడతాడు. జీతం మునుపటి కన్నా తక్కువ. "పోయి వచ్చినోడివి గదరా, కొన్నాళ్లు చూద్దాం" అన్నాడట ఓనరు. ఇప్పటికీ గిరాకీ వస్తే కుర్చీలోంచి "మావోడి చెయ్యి, కాలితే నాది పూచీ" అనే అంటాడు. ఊరికే కట్టేది ఇప్పటికీ మా ఆయనే. ఉద్యోగంలో రిస్కు లేదని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. రాగి పోదు, అంతే. మిగతాదంతా పోతుంది. అయినా వానాకాలంలో జీతం వస్తుంది కాబట్టి మళ్లీ ఆ బస్సే ఎక్కుతున్నాడు. నా స్కూలు జీతంతో ఇల్లు నడుస్తోంది. నేను పట్టుబట్టి కదిలించనిది అదొక్కటే, నిలబడింది కూడా అదొక్కటే.

స్కూలు పని మీద ఆ పల్లె మీదుగా బస్సులో పోతుంటాను. పెద్దాయన తోట రోడ్డు పక్కనే. బత్తాయి చెట్లు పచ్చగా ఉంటాయి, పైపులోంచి నీళ్లు దూకుతుంటాయి. ఆ మోటారు ఇంకా కాలలేదట. అందులో తిరుగుతున్నది నా గొర్రెల్లో ఏదో అనుకుంటాను. పక్క సీటామె, "ఎంత బాగుండాదో చూడమ్మా తోట" అంటే, ఊఁ అంటాను.

పోయిన నెల తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. చాలాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికి వచ్చి కూర్చున్నాడు. మా ఆయన ఆత్మకూరులో ఉన్నాడు.

"అక్కా, నా పాలుకొచ్చిన గొర్రెపిల్లల్లో మంచి ఆడవి ఉండాయి. కొన్ని నీకు ఇస్తాను. చెవికి నాయన గుర్తే వేస్తాను. మందలోనే ఉంటాయి, నేనే మేపుతాను. మళ్లా మొదలుపెడదాం" అన్నాడు.

వాడి కళ్లు తడిగా ఉన్నాయి. వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. నా తమ్ముడు చెడ్డవాడు కాదు, ఆ సంగతి నాకన్నా ఎవరికి తెలుసు? మంచినీళ్లు ఇచ్చాను. తాగాక అడిగాను.

"ఇవి ఈనే ఈడుకొచ్చినాక మీ బావ మళ్లా వచ్చి దొడ్డి ముందు నిలబడి అడిగితే ఏం చెప్తావురా?"

వాడు నేల చూపులు చూశాడు. వాడు ఆలోచించాడు, నిజంగానే ఆలోచించాడు, నాకు అబద్ధం చెప్పడం ఇష్టం లేక.

"బావ గదక్కా" అన్నాడు.

గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాను. ఆ గొర్రెపిల్లల్ని వాడి దగ్గరే ఉంచుకోమన్నాను.